అగ్రిమెంటు సారాంశంలో 'చేయాలి', 'చేయవచ్చు', 'చేస్తే మంచిది' కలిసిపోకుండా రాయడం ఎలా?

ఏటా వానాకాలం మొదలయ్యే ముందు గద్వాల, అయిజ, మానవపాడు వైపు నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. సీడ్ పత్తి అగ్రిమెంటు, అంటే కంపెనీ కోసం రైతు పత్తి విత్తనం పండించే ఒప్పందం, ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఏడెనిమిది పేజీలు, సన్నని అక్షరాలు. దాన్ని తెలుగులో ఒక్క పేజీకి కుదించి రైతుకు ఇచ్చే పని ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లగాడి మీదో, కోర్టు దగ్గరి టైపింగ్ సెంటర్ మీదో, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన లాయరు మీదో పడుతుంది. వాళ్లంతా అడిగేది ఒకటే: "షల్ అంటే చేయాలి, షుడ్ అన్నా చేయాలే, మే అంటే చేయవచ్చు. ఇందులో కష్టమేముంది సార్?"

కష్టం మన 'చేయాలి'లోనే ఉంది. "అప్పు తీర్చాలి" అన్నా చేయాలే, "పొద్దున్నే నడవాలి" అన్నా చేయాలే. మొదటిది తప్పితే కోర్టు మెట్లెక్కాలి, రెండోది తప్పితే ఎవరూ ఏమీ అనరు. మాట్లాడేటప్పుడు గొంతును బట్టి తేడా తెలిసిపోతుంది. కాగితం మీద గొంతు ఉండదు.

నేను చేసిన పొరపాటు చెప్తాను. మొదట్లో ఒక రైతుకు ఇలాగే సారాంశం రాసిచ్చాను. అసలు అగ్రిమెంటులో "రైతు వీలైతే డ్రిప్ వాడడం మంచిది" అనే అర్థంలో 'షుడ్ ప్రిఫరబ్లీ' అని ఉంది. నేను "డ్రిప్ వాడాలి" అని రాశాను. ఆయన వడ్డీకి డబ్బు తెచ్చి రెండెకరాలకు పైపులు వేయించాడు. పంట మధ్యలో కలిసినప్పుడు, పక్క పొలంలో కాలువ నీళ్లతోనే అదే కంపెనీ విత్తనం పండిస్తున్నారని చెప్పి, "కంపెనీ తప్పదన్నదని రాస్తివి గద సారూ, మరి ఆయనకెందుకు తప్పింది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కంపెనీ అలా అనలేదు, అన్నది నేను.

ఈ పద్ధతి సీడ్ పత్తి అగ్రిమెంటును ముందు పెట్టుకుని రాశాను. ఇంటి కిరాయి ఒప్పందమైనా, కోళ్ల ఫారం ఒప్పందమైనా పని ఇలాగే నడుస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

అగ్రిమెంటు పూర్తి కాపీ, అనుబంధాలతో సహా. కంపెనీకీ రైతుకూ మధ్య పని నడిపే ఆర్గనైజర్లు చాలాసార్లు సంతకం పేజీ, రేటు పేజీ మాత్రమే ఇస్తారు. వాటితో సారాంశం రాయకండి. ఎర్ర, నీలం, ఆకుపచ్చ పెన్నులు మూడు. ఇంగ్లిష్ చదవగలిగి, ఈ అగ్రిమెంటును ఇంతకుముందు చూడని మనిషి ఒకరు, చివర్లో పరీక్షకు. ఒక పూట తీరిక. ఫోన్ స్క్రీన్ మీద చూసి రాస్తే మాత్రం తప్పులు తప్పవు. జిరాక్స్ తీయించుకోండి.

1. ఎవరెవరో ముందు తేల్చుకోండి

మొదటి పేజీలో కంపెనీ అంటే ఎవరు, రైతు అంటే ఎవరు, ఆర్గనైజర్ ఉంటే అతను ఎవరి తరఫు మనిషి, ఈ మూడూ చూడండి. అయిదు నిమిషాల పని. కానీ చేయకపోతే తర్వాత ప్రతి వాక్యంలో 'ఎవరు చేయాలి' అన్నచోట తడబడతారు.

2. క్రియల మీద రంగు వేయండి

అర్థం గురించి ఆలోచించకుండా, క్రియ పక్కన ఉన్న మాటను మాత్రమే చూస్తూ ఒకసారి మొత్తం చదవండి. షల్, మస్ట్, అగ్రీస్ టు, అండర్‌టేక్స్ టు, ఈజ్ రిక్వైర్డ్ టు కనిపిస్తే ఎర్ర రంగు. విల్ కూడా సాధారణంగా ఎర్రే. మే, హాజ్ ద రైట్ టు, అట్ ఇట్స్ డిస్క్రీషన్ కనిపిస్తే నీలం. షుడ్, ప్రిఫరబ్లీ, ఈజ్ అడ్వైజ్డ్ టు కనిపిస్తే ఆకుపచ్చ.

ఇక్కడ మూడు ఉచ్చులున్నాయి. నేను మూడింట్లోనూ పడ్డవాణ్నే.

మొదటిది 'షల్ బి ఎంటైటిల్డ్ టు'. షల్ కనిపించింది కదా అని ఎర్ర రంగు వేస్తాం. నిజానికి అది హక్కు, బాధ్యత కాదు. "ద కంపెనీ షల్ బి ఎంటైటిల్డ్ టు ప్రొక్యూర్" అంటే కంపెనీకి కొనే హక్కు ఉంది అని. కొని తీరాలని కాదు. నీలం వేయండి. 'షల్ బి ఫ్రీ టు', 'షల్ బి అట్ లిబర్టీ టు' కూడా ఈ కోవలోవే.

రెండోది వాక్యం మొదట్లో వచ్చే షుడ్. "షుడ్ ద లాట్ ఫెయిల్..." అని మొదలైతే అది సలహా కాదు, ఆజ్ఞా కాదు. "ఒకవేళ ఆ లాట్ ఫెయిలైతే" అని అర్థం. లాట్ అంటే ఒక దఫాగా లెక్కించే విత్తనం. దీన్ని "లాట్ ఫెయిల్ కావాలి" అని తెలుగు చేసిన కాగితం నేను కళ్లారా చూశాను. ఇలాంటి షుడ్‌కు ఏ రంగూ వేయకండి. పక్కన 'షరతు' అని రాసుకోండి.

మూడోది 'మే నాట్'. అగ్రిమెంట్లలో ఇది దాదాపు ఎప్పుడూ నిషేధమే. "ద గ్రోవర్ మే నాట్ సెల్" అంటే రైతు అమ్మకూడదు. 'మే' అంటే వచ్చు, 'నాట్' అంటే కాదు అని ముక్కలు కలిపి "అమ్మకపోవచ్చు" అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. అమ్మకపోవచ్చు అన్న మాటలో, ఇష్టముంటే అమ్మవచ్చు అన్న అర్థం కూడా దాగి ఉంది కదా. దీనికి ఎర్ర రంగు.

3. తెలుగు మాటలను ముందే ఖాయం చేసుకోండి

రాయడం మొదలుపెట్టాక మాట కోసం వెతుక్కుంటే ఒక్కో వాక్యానికి ఒక్కో మాట పడుతుంది. కథ రాసేవాళ్లకు అది అందం, మనకు అదే ముప్పు. ఒకే బాధ్యతకు ఒకచోట "చేయాలి", ఇంకోచోట "చేయాల్సి ఉంటుంది", మరోచోట "చేయవలెను" అని రాస్తే, చదివేవాళ్లు ఒకటి గట్టిది, ఒకటి మెత్తది అనుకుంటారు.

నేను వాడే మాటలు ఇవి:

ఎర్రవాటికి: "రైతు తప్పనిసరిగా ... చేయాలి." 'తప్పనిసరిగా' అన్న మాట వదలొద్దు. ఉత్త 'చేయాలి'ని సారాంశంలో ఎక్కడా వాడొద్దు. ఇది కాస్త మొండి నియమమే. పేజీలో ఆరుసార్లు 'తప్పనిసరిగా' వస్తే చదవడానికి బాగుండదు కూడా. ఉండనివ్వండి.

నిషేధాలకు: "రైతు ... చేయకూడదు."

నీలంవాటికి: "కంపెనీకి ... చేసే హక్కు ఉంది. చేసి తీరాలని లేదు." 'మే'కు తెలుగులో 'వచ్చు' ఉంది కదా, అది చాలదా అంటారు. చాలదు. మన 'వచ్చు' రెండు పనులు చేస్తుంది. "కంపెనీ లాట్‌ను తిరస్కరించవచ్చు" అంటే హక్కు. "వాన పడితే మొలక శాతం తగ్గవచ్చు" అంటే జరిగే అవకాశం. ఒకే పేజీలో రెండూ ఉంటే, మొదటిదాన్ని కూడా "తిరస్కరిస్తారేమో, తిరస్కరించరేమో, అంతా అదృష్టం" అని చదువుకుంటారు. అందుకే హక్కు అయినచోట 'హక్కు ఉంది' అని, అవకాశం అయినచోట 'అవకాశం ఉంది' అని విడగొట్టండి.

ఆకుపచ్చవాటికి: "రైతు ... చేస్తే మంచిదని అగ్రిమెంటులో ఉంది. తప్పనిసరి అని రాయలేదు." ఇక్కడ ఒక్క మాట గమనించండి. "తప్పనిసరి కాదు" అనడం లేదు, "తప్పనిసరి అని రాయలేదు" అంటున్నాం. రేపు తగాదా వస్తే ఆ షుడ్‌ను సందర్భాన్ని బట్టి గట్టిగా చదవాలని ఎవరైనా వాదించే వీలుంది. ఆ తీర్పు మనం చెప్పకూడదు. కాగితంలో ఉన్నంత వరకే చెప్పాలి.

అవసరం లేనివాటికి, అంటే 'నీడ్ నాట్', 'షల్ నాట్ బి బౌండ్ టు' వంటివాటికి: "కంపెనీకి ... చేసే బాధ్యత లేదు." దీన్ని 'చేయకూడదు' అని రాయకండి. బాధ్యత లేదు అంటే చేయకపోయినా తప్పు లేదని. చేయకూడదు అంటే చేస్తేనే తప్పని.

ఇంకొకటుంది. 'షల్ ఎండీవర్ టు' అన్నప్పుడు ప్రయత్నించడం బాధ్యత, ఫలితం బాధ్యత కాదు. "కంపెనీ తప్పనిసరిగా ప్రయత్నించాలి. జరుగుతుందని హామీ ఇవ్వలేదు" అని రెండు ముక్కలుగా రాయండి.

ఇక ఉత్త భవిష్యత్తు కాలం. "కంపెనీ కొంటుంది", "డబ్బు వస్తుంది", "మనిషి వచ్చి చూస్తాడు". తెలుగులో ఇది చాలా సహజంగా వచ్చేస్తుంది, చదవడానికి హాయిగానూ ఉంటుంది. కానీ రైతు దాన్ని మాట ఇచ్చినట్టుగా తీసుకుంటాడు. సారాంశంలో '-తుంది' కనిపించిన ప్రతిచోటా ఆగి, ఇది బాధ్యతా, హక్కా, ప్రయత్నమా అని అడగండి.

4. ప్రతి వాక్యంలో చేసే మనిషిని నిలబెట్టండి

తెలుగులో కర్త లేకుండా వాక్యం చక్కగా నిలబడుతుంది. "ఫలితం వచ్చిన 60 రోజుల్లో డబ్బు చెల్లించాలి." ఎవరు చెల్లించాలి? కంపెనీయా? ఆర్గనైజరా? మా గద్వాల వైపు, అంటే నడిగడ్డలో, ఈ ప్రశ్న చిన్నది కాదు. చాలామంది రైతులకు కంపెనీ ముఖమే తెలియదు. పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చేదీ, లెక్క చూసేదీ ఆర్గనైజరే. కాబట్టి ప్రతి వాక్యంలో 'రైతు', 'కంపెనీ', 'ఆర్గనైజర్' అన్న మాటల్లో ఒకటి ఉండేలా చూడండి. అసలు కాగితంలోనే ఎవరో స్పష్టంగా లేకపోతే, "ఎవరు చెల్లించాలో అగ్రిమెంటులో స్పష్టంగా లేదు" అని రాయండి. ఖాళీని మీ ఊహతో పూడ్చకండి.

షరతు, గడువు కూడా క్రియను వదిలి పోకూడదు. "పరీక్షలో పాసైతే" అన్న ముక్క ఎగిరిపోతే మిగిలిన వాక్యం అబద్ధమవుతుంది.

5. ఒక కాగితం చేసి చూద్దాం

ఇవి చూపడానికి నేను కట్టిన క్లాజులు. ఇలాంటి అగ్రిమెంట్లలో వచ్చే రకం మాటలతోనే కట్టాను, ఇంగ్లిష్ మాట ఏదో కూడా చెప్తాను.

క్లాజు 4: వేరే పత్తి పంట నుంచి 30 మీటర్ల దూరం రైతు పాటించడం గురించి, 'షల్'. 
క్లాజు 6: డ్రిప్ వాడకం గురించి, 'షుడ్ ప్రిఫరబ్లీ'. 
క్లాజు 9: కంపెనీ ఎప్పుడైనా పొలాన్ని తనిఖీ చేయడం, 'మే'. అప్పుడు రైతు లోపలికి రానివ్వడం, 'షల్'. 
క్లాజు 11: మొలక పరీక్ష, జీవోటీ రెండూ పాసైన విత్తనాన్ని కంపెనీ తీసుకోవడం, 'షల్ బి ఎంటైటిల్డ్ టు'. 
క్లాజు 12: వాక్యం మొదట 'షుడ్', లాట్ జీవోటీలో ఫెయిల్ కావడం. అలాంటి లాట్‌ను కంపెనీ తిరస్కరించడం, 'మే'. 
క్లాజు 13: ఫలితం వచ్చిన 60 రోజుల్లో కంపెనీ డబ్బు చెల్లించడం, 'షల్ ఎండీవర్ టు'. 
క్లాజు 15: రైతు ఈ విత్తనాన్ని బయటివాళ్లకు అమ్మడం, 'మే నాట్'.

జీవోటీ తెలియనివాళ్లకు ఒక ముక్క. విత్తనాన్ని మళ్లీ నాటి, పెరిగిన మొక్కల్లో వేరే రకాలు ఎన్ని ఉన్నాయో చూసి జన్యు స్వచ్ఛత తేల్చే పరీక్ష అది. మొక్క ఎదగాలి కాబట్టి ఫలితానికి నెలలు పడుతుంది. అందుకే క్లాజు 13లోని 60 రోజులు ఎక్కడి నుంచి మొదలవుతాయన్నది రైతుకు ప్రాణం. విత్తనం అప్పగించిన రోజు నుంచి కాదు, ఫలితం వచ్చిన రోజు నుంచి.

ఇప్పుడు, తొందరలో రాస్తే వచ్చే సారాంశం ఇది:

"రైతు 30 మీటర్ల దూరం పాటించాలి. డ్రిప్ వాడాలి. కంపెనీ పొలాన్ని తనిఖీ చేయాలి. పాసైన విత్తనాన్ని కంపెనీ కొంటుంది. జీవోటీలో ఫెయిలైతే తిరస్కరిస్తుంది. 60 రోజుల్లో డబ్బు చెల్లిస్తుంది. రైతు బయట అమ్మకపోవచ్చు."

చదవడానికి ఎంత సాఫీగా ఉందో చూడండి. ఏడు వాక్యాల్లో మొదటి ఒక్కటే సరైనది. డ్రిప్ సలహా ఆజ్ఞ అయింది. తనిఖీ హక్కు కంపెనీ మీద బాధ్యత అయింది, లోపలికి రానివ్వాలన్న రైతు బాధ్యత మాయమైంది. కొనే హక్కు కొంటామన్న మాట అయింది. తిరస్కరించే హక్కు తిరస్కరణే అయింది. ఫెయిలైన లాట్ గురించి మాట్లాడుకునే వీలు కొంచెం ఉన్నా, రైతు అడగకుండానే వదిలేస్తాడు. ప్రయత్నం హామీ అయింది, అదీ ఫలితం నుంచి అన్న ముక్క పోయి. నిషేధం ఐచ్ఛికం అయింది.

గమనించారా, తప్పులన్నీ ఒకే వైపు లేవు. కొన్ని రైతు మీద లేని బరువు పెట్టాయి, కొన్ని కంపెనీ మీద లేని బరువు పెట్టాయి. "రైతుకు మేలు జరగాలని కొంచెం గట్టిగా రాశాను" అనేవాళ్లు నాకు తెలుసు. కంపెనీ బాధ్యతను కాగితంలో ఉన్నదానికంటే గట్టిగా రాస్తే రైతుకు మేలు జరగదు. లేని హామీని నమ్ముకుని కూర్చుంటాడు, అంతే.

రంగుల ప్రకారం రాస్తే ఇలా వస్తుంది:

"రైతు తప్పనిసరిగా వేరే పత్తి నుంచి 30 మీటర్ల దూరం పాటించాలి (4). 
రైతు డ్రిప్ వాడితే మంచిదని ఉంది. తప్పనిసరి అని రాయలేదు (6). 
కంపెనీకి ఎప్పుడైనా పొలాన్ని తనిఖీ చేసే హక్కు ఉంది. చేసి తీరాలని లేదు. వాళ్లు వస్తే రైతు తప్పనిసరిగా రానివ్వాలి (9). 
మొలక పరీక్ష, జీవోటీ రెండూ పాసైన విత్తనాన్ని తీసుకునే హక్కు కంపెనీకి ఉంది. తీసుకుని తీరాలని లేదు (11). 
ఒకవేళ లాట్ జీవోటీలో ఫెయిలైతే, దాన్ని తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంది. తిరస్కరించి తీరాలని లేదు (12). 
ఫలితం వచ్చిన 60 రోజుల్లో డబ్బు చెల్లించడానికి కంపెనీ తప్పనిసరిగా ప్రయత్నించాలి. హామీ ఇవ్వలేదు (13). 
రైతు ఈ విత్తనాన్ని బయటివాళ్లకు అమ్మకూడదు (15)."

బ్రాకెట్లో క్లాజు నంబర్లు వదలకండి. ఎవరైనా కాదంటే అసలు కాగితంలో చూపించవచ్చు.

ఇలా రాశాక 11, 15 క్లాజులు పక్కపక్కన పెట్టి చూడండి. కంపెనీ కొని తీరాలని లేదు, రైతు బయట అమ్మకూడదు. పాసైన విత్తనాన్ని కంపెనీ వద్దంటే రైతు ఏం చేయాలి? ఆ ఏడు క్లాజుల్లో జవాబు లేదు. మొదటి సారాంశంలో ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు, ఎందుకంటే అందులో కంపెనీ 'కొంటుంది'. సంతకానికి ముందు ఆర్గనైజర్‌ను అడగాల్సిన ప్రశ్న ఇదే. సారాంశం కింద 'అడగాల్సినవి' అని గీత గీసి అక్కడ రాయండి. క్లాజు లోపల కలపకండి.

6. అనుబంధం దగ్గర జాగ్రత్త

సాగు పద్ధతులన్నీ చాలాసార్లు అనుబంధంలో ఉంటాయి, అందులో అడుగడుగునా షుడ్‌లే. ఎరువు ఇంత వేయడం మంచిది, క్రాసింగ్, అంటే చేతితో పుప్పొడి అంటించే పని, ఇన్ని గంటల్లోపు ముగిస్తే మంచిది, అలా. అన్నిటికీ ఆకుపచ్చ వేసి ముందుకు పోతాం. కానీ అసలు అగ్రిమెంటులో ఒక మూల "అనుబంధంలోని పద్ధతులను రైతు షల్ ఫాలో" అని ఒక్క లైను ఉండొచ్చు. అప్పుడు ఆ షుడ్‌లు సలహాలా, ఆజ్ఞలా?

మీరు తేల్చకండి. రెండూ రాయండి: "అనుబంధంలో ఇవి మంచిదన్న రీతిలో ఉన్నాయి. కానీ అనుబంధాన్ని రైతు తప్పనిసరిగా పాటించాలని క్లాజు ఫలానాలో ఉంది. రెండూ ఎలా కలుస్తాయో లాయరును అడగాలి." పాటించకపోతే రేటులో కోత అనో, విత్తనం తీసుకోమనో ఇంకెక్కడైనా ఉందేమో కూడా వెతకండి. శిక్ష ఉన్న షుడ్ సలహాలా ప్రవర్తించదు. ఆ కోత గురించి ఆకుపచ్చ వాక్యం పక్కనే రాయాలి.

తగాదాల క్లాజు కూడా ఇలాంటిదే. ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బయట మధ్యవర్తి చేత తగాదా తేల్చుకోవడం. "వివాదాలను ఆర్బిట్రేషన్‌కు పంపవచ్చు" అని 'మే'తో ఉంటే, "ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలి, కోర్టుకు పోకూడదు" అని రాసేవాళ్లు ఎక్కువ. 2000 సంవత్సరంలో వెల్లింగ్టన్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు, 'మే బి రిఫర్డ్' అన్న అలాంటి క్లాజును కట్టుబడి ఉండాల్సిన ఆర్బిట్రేషన్ ఒప్పందంగా తీసుకోలేదు. అలాగని ప్రతి 'మే'నూ కోర్టులు ఇలాగే చదువుతాయనుకోవద్దు. మొత్తం క్లాజును, సందర్భాన్ని చూస్తారు. మన పని ఆ 'మే'ను 'మే'గానే రైతు దాకా చేర్చడం.

7. సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదట లెక్క. అసలు కాగితంలో రైతు మీద ఎర్ర గుర్తులు ఎన్ని, సారాంశంలో రైతు మీద 'తప్పనిసరిగా', 'కూడదు' కలిపి ఎన్ని. పై ఉదాహరణలో రైతు మీద మూడు: దూరం, లోపలికి రానివ్వడం, బయట అమ్మకపోవడం. కంపెనీ మీద ఒక్కటే, అదీ ప్రయత్నం. సారాంశంలో రైతు మీద నాలుగు వస్తే ఎక్కడో సలహా గట్టిపడింది. రెండే వస్తే ఏదో జారిపోయింది. రెండు క్లాజులను ఒకే వాక్యంలో కలిపినప్పుడు లెక్క తేడా రావచ్చు, అందుకే కలపొద్దంటాను. పేజీ నిండిపోతే అక్షరం చిన్నది చేయండి కానీ క్లాజులు కలపకండి.

లెక్క కుదిరినంత మాత్రాన పని అయిపోలేదు. ఒకటి గట్టిపడి ఇంకొకటి జారిపోతే కూడా లెక్క సరిపోతుంది. అందుకే రెండో పరీక్ష. మొదట చెప్పిన ఆ మనిషికి సారాంశం మాత్రమే ఇచ్చి, ప్రతి వాక్యం పక్కన షల్, మే, షుడ్‌లో ఏది అనుకుంటున్నారో రాయమనండి. అసలు కాగితం చూపించొద్దు. తర్వాత మీ రంగులతో పోల్చండి. తేడా వచ్చినచోట ఆయన తప్పు అనుకోకండి. ఆయనకు అలా అర్థమైతే రైతుకూ అలాగే అర్థమవుతుంది. వాక్యం మార్చండి. మనిషి దొరకకపోతే సారాంశాన్ని రెండు రోజులు పక్కన పెట్టి మీరే ఈ పని చేయండి. అంత బాగా పని చేయదు, కానీ ఏమీ చేయనిదానికంటే నయం.

మూడోది రైతు దగ్గరే. చదివి వినిపించి "అర్థమైందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా "అయింది సారూ" అనే అంటారు. "చేయకపోతే ఏమైతది?" అని అడగండి. క్లాజు నంబరు చెప్పకుండా, తన మాటల్లో చెప్పనివ్వండి.

పోయిన ఏడు అయిజ దగ్గరి ఒక పెద్దాయనకు ఇలాగే చదివి వినిపించాను.

"కాకా, డ్రిప్ వేయకపోతే ఏమైతది?"

"ఏం గాదు. వేస్తే మంచిదన్నరు, అంతే గద."

"బయట అమ్మితే?"

"అమ్మొద్దన్నరు. అమ్మితే మన మీదికొస్తది."

"విత్తనం పాసయింది. కంపెనీ తీసుకోలేదు. అప్పుడు?"

ఆయన కాసేపు కాగితం వైపు చూశాడు. "తీస్కోవాలని లేదంటివి గదా బిడ్డా. మరి నేనెవరికి అమ్మాలె?" అన్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, సంతకం పెట్టకముందే ఆర్గనైజర్‌కు కలిపాడు.

ఈ ప్రశ్నకు రైతు "కంపెనీ కొంటదిలే" అని జవాబిస్తే, మీ సారాంశంలో 11వ క్లాజు ఇంకా సరిగా రాలేదని అర్థం. వెనక్కి వెళ్లి ఆ వాక్యం మళ్లీ రాయండి. అన్నీ కుదిరాక పేజీ చివర "ఇది అర్థం కావడానికి రాసిన సారాంశం. సంతకం అసలు అగ్రిమెంటు మీదే, చెల్లేదీ అదే" అని ఒక లైను, మీ పేరు, తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.